షేరు కాగితం మీది చిరునామాకు రాస్తే ఉత్తరం తిరిగొచ్చింది

సంపాదకులకు,

మా బావ పోయాక అక్కవాళ్ళ ఇంట్లో బీరువా సర్దుతుంటే 1994 నాటి షేరు సర్టిఫికెట్లు రెండు దొరికాయి. ఒక్కోదాంట్లో యాభై షేర్లు. అక్క వాటిమీద అచ్చయిన హైదరాబాదు చిరునామాకు రిజిస్టర్డు పోస్టు పంపితే, అక్కడ ఆ పేరుతో ఎవరూ లేరని తిరిగొచ్చింది. ఎవరో చెప్పారని కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కోసం నాలుగు నెలలు తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగింది. ఈలోగా ఒకాయన ఇంటికే వచ్చి, వచ్చేదాంట్లో పావు వంతు ఇస్తే పని జరిపిస్తానన్నాడు.

లిస్టయిన కంపెనీల్లో చాలావరకు తమ వాటాదారుల ఖాతాలను రిజిస్ట్రార్ అండ్ షేర్ ట్రాన్స్‌ఫర్ ఏజెంట్ అనే వేరే సంస్థకు అప్పగిస్తాయి. దాన్నే పొట్టిగా ఆర్‌టీఏ అంటారు. కాగితం షేర్లున్నవాళ్ళకు చిరునామా, బ్యాంకు ఖాతా మార్చాలన్నా, నామినీని పెట్టాలన్నా, సర్టిఫికెట్ పోయినా, మనిషి పోయినా వెళ్ళాల్సింది అక్కడికే. మన కరకంబాడిలోని అమరరాజానే చూడండి. ఫ్యాక్టరీ ఇక్కడే ఉంది కదా అని గేటు దగ్గరకు పోతే షేర్ల పని కాదు. దాని వార్షిక నివేదికలో ఆర్‌టీఏగా చూపింది చెన్నైలోని కామియో కార్పొరేట్ సర్వీసెస్‌ను. షేర్లు కాగితం బదులు ఎలక్ట్రానిక్ రూపంలో, అంటే డీమ్యాట్‌లో ఉన్నవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు చిరునామా, నామినీ మార్పులు తమ డీమ్యాట్ ఖాతా ఉన్న బ్రోకరు దగ్గరో బ్యాంకు దగ్గరో చేసుకోవాలి. డివిడెండు రాకపోతే మాత్రం వాళ్ళూ ఆర్‌టీఏనే అడగాలి.

ముప్పై ఏళ్ళ కాగితం మీది చిరునామాను నమ్మకూడదు. ఈ మధ్యలో కంపెనీ పేరు మారి ఉండొచ్చు, ఆర్‌టీఏ మారి ఉండొచ్చు, ఆర్‌టీఏ పేరే మారి ఉండొచ్చు. ఒకప్పటి కార్వీ కంప్యూటర్‌షేర్ ఇప్పుడు కేఫిన్ టెక్నాలజీస్, లింక్ ఇన్‌టైమ్ ఇప్పుడు ఎంయూఎఫ్‌జీ ఇన్‌టైమ్. నేను కంపెనీ వెబ్‌సైట్‌లో తాజా వార్షిక నివేదిక తెరిచి, కార్పొరేట్ గవర్నెన్స్ భాగంలో General Shareholder Information అన్న శీర్షిక కింద ఆర్‌టీఏ పేరు, చిరునామా, ఈమెయిలు చూశాను. సెబీ వెబ్‌సైట్‌లోని ఆర్‌టీఏల జాబితాతో పోల్చుకున్నాను. అక్కడ ప్రతి సంస్థకూ INRతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉంటుంది. ఇంటర్నెట్‌లో వెతికితే ముందుగా కనబడే ఫోన్ నంబరుకు చేయడం కంటే ఈ పది నిమిషాల పని మేలు.

సర్టిఫికెట్ మీది ఫోలియో నంబరు రాసి ఈమెయిలు పెడితే వారంలో జవాబొచ్చింది. అప్పుడుగానీ నేను కాగితాన్ని సరిగ్గా చూడలేదు: బావ పేరు కింద రెండో పేరు అక్కది. జంట పేర్లలో ఉన్న షేర్లు ఒకరు పోతే మిగిలినవారికే చెందుతాయి. మరణ ధ్రువీకరణ, అసలు సర్టిఫికెట్లు, పాన్, చిరునామా, బ్యాంకు వివరాలతో ఐఎస్‌ఆర్-1 ఫారం, నామినీ కోసం ఎస్‌హెచ్-13 చాలన్నారు. ఆ నాలుగు నెలలు తహసీల్దారు ఆఫీసుకు తిరిగింది వట్టి శ్రమే.

చిక్కల్లా సంతకం దగ్గర వచ్చింది. 1994లో అక్క చేసిన సంతకానికీ ఇప్పటిదానికీ పోలికే లేదు. అలాంటప్పుడు ఐఎస్‌ఆర్-2 ఫారం మీద, ఈ సంతకం మా ఖాతాదారుదేనని బ్యాంకు మేనేజరు ధ్రువీకరించి, తన పేరు, ఉద్యోగి నంబరు రాసి ముద్ర వేయాలి. అక్కకు ఇరవై ఏళ్ళుగా ఖాతా ఉన్న ఇక్కడి బ్యాంకు శాఖలో, ఇది మా ఫారం కాదని మూడుసార్లు తిప్పి పంపారు. ఆ ఫారంలో బ్యాంకు పూచీ పడేది షేర్ల మీద కాదు, తన దగ్గరున్న సంతకం మీదే. అంతమాత్రానికి మూడుసార్లా? నాలుగోసారి మేనేజరు మారాక పదిహేను నిమిషాల్లో అయిపోయింది.

నాలుగేళ్ళ డివిడెండు ఆగిపోయి ఉందని ఆర్‌టీఏ వాళ్ళే చెప్పారు. వరుసగా ఏడేళ్ళు ఎవరూ తీసుకోకపోతే డివిడెండుతో పాటు షేర్లు కూడా కేంద్ర ప్రభుత్వ ఐఈపీఎఫ్ నిధికి పోతాయి. అక్కడి నుంచి తెచ్చుకోవడానికి ఇంకో దరఖాస్తు, ఇంకో నిరీక్షణ.

తిరుపతి, చిత్తూరు జిల్లాల లీడ్ బ్యాంకు అధికారులకు నా మనవి ఒక్కటే. ఐఎస్‌ఆర్-2 ఫారం తీసుకుని ఖాతాదారు వస్తే ఏం చేయాలో ప్రతి శాఖకూ ఒక పేజీ సూచన పంపించండి. మా అక్కకు డెబ్బై ఒక్కేళ్ళు. మోకాళ్ళ నొప్పులతో ఆ మెట్లు నాలుగుసార్లు ఎక్కింది.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, బైరాగిపట్టెడ, తిరుపతి