జమ తగ్గిందా? బరువు వరుస చూడండి

ఆన్‌లైన్ సైట్లలో చీరలు అమ్మే మిత్రులకు నమస్కారం. ఈసారి సైటు నుంచి నాకు వచ్చే జమ బాగా తగ్గింది. సెటిల్‌మెంట్ స్టేట్‌మెంటును ఆర్డరు వారీగా చదివాను. కమీషన్ మారలేదు, రవాణా రుసుమే పెరిగింది.

ప్యాకెట్ అసలు బరువు 700 గ్రాములు. సైటు వాళ్లు కొలతలు 30×25×10 సెంటీమీటర్లుగా నమోదు చేశారు. ఆ లబ్ధం 7,500ను 5,000తో భాగిస్తే పరిమాణాన్ని బట్టి లెక్కించే బరువు 1.5 కిలోలు. అసలు బరువు, ఈ లెక్క బరువు రెండింటిలో ఎక్కువదానికే రుసుము పడుతుంది. కానీ నా కవరు ఎత్తు 4 సెంటీమీటర్లే! అలా లెక్కిస్తే 600 గ్రాములే, అంటే 700 గ్రాములకే రుసుము పడాలి.

టేపుతో, త్రాసుతో తీసిన ఫోటోలు జతచేసి అభ్యంతరం పెట్టాను. దానికి గడువు ఉంటుంది, స్టేట్‌మెంటు రాగానే చూడండి. టీసీఎస్, టీడీఎస్ వరుసలు చూసి కంగారు పడకండి, వాటిని పన్ను రిటర్నుల్లో సర్దుబాటు చేసుకోవచ్చు.