తాబేలు కనిపిస్తే చార్జింగ్ అయిపోయినట్లేనా?

సంపాదకుడు గారికి,

విద్యుత్ కారు డ్యాష్‌బోర్డుపై తాబేలు గుర్తు వెలిగితే చార్జింగ్ అయిపోవస్తోందని అర్థమనీ, దగ్గర్లోని కేంద్రంలో ఫాస్ట్ చార్జింగ్ పెట్టుకుంటే సరిపోతుందనీ పోయిన వారం మీ పత్రికలో రాశారు. అది సగమే నిజం. మిగతా సగం నా అనుభవంలో ఉంది కాబట్టి, ఆలస్యంగానైనా రాయక తప్పడం లేదు.

మే నెల మిట్టమధ్యాహ్నం సూర్యాపేటలో ఫాస్ట్ చార్జింగ్ చేసుకుని, నలుగురం ఏసీ వేసుకుని వంద వేగంతో విజయవాడ వైపు వెళ్తుండగా పసుపు రంగు తాబేలు వెలిగింది. చార్జింగ్ 62 శాతం ఉంది. ఎంత తొక్కినా కారు యాభై దాటలేదు. బ్యాటరీ వేడెక్కితే అది పాడవకుండా కంప్యూటరే శక్తిని తగ్గిస్తుంది. ఆ సమయంలో మీ సలహా పాటించి మళ్లీ ఫాస్ట్ చార్జింగ్ పెట్టి ఉంటే వేడి మరింత పెరిగేది. హజార్డ్ లైట్లు వేసి, ఎడమ పక్కన నెమ్మదిగా నడిపి, ఒక దాబా దగ్గర చెట్టు నీడన నలభై నిమిషాలు ఆపితే తాబేలు దానంతటదే పోయింది.

రెండోసారి కథ వేరు. వానాకాలంలో మా కాలనీ రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు దాటాక తాబేలుతో పాటు ఎర్రటి బ్యాటరీ గుర్తు, వెంటనే సురక్షితంగా ఆపమనే హెచ్చరిక వచ్చాయి. సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్, పోతుంది" అన్నారు. నిజంగానే పోయింది! మర్నాడు ఉదయం మళ్లీ వచ్చింది, కారు కదల్లేదు. హై వోల్టేజ్ తీగలకూ కారు బాడీకీ మధ్య ఇన్సులేషన్ ఎలా ఉందో కంప్యూటర్ కొలుస్తూనే ఉంటుంది. కనెక్టర్‌లో తడి చేరితే హెచ్చరిస్తుంది, ఆరితే ఊరుకుంటుంది. దీపం ఆరడం వేరు, లోపం పోవడం వేరు. ఒక్కోసారి 12 వోల్టుల చిన్న బ్యాటరీ నీరసించినా ఇలాంటి సందేశాలు వస్తాయన్న మాట వాస్తవమే. కానీ ఏది ఏమిటో తేల్చవలసింది కారులో నమోదైన కోడ్ చదివే మెకానిక్. ఫోన్‌లో జోస్యం చెప్పేవారు కాదు.

ఎర్ర గుర్తు కనబడితే బండిని ఆరుబయట ఆపి, ఆఫ్ చేసి, అందరూ దిగాలి. హై వోల్టేజ్ పారే నారింజ రంగు తీగల జోలికి పోకూడదు. చక్రాలు దొర్లేలా తాడుకట్టి లాగించకుండా ఫ్లాట్‌బెడ్ లారీ మీదికి ఎక్కించాలి. పొగ, ఘాటు వాసన, బుస్సుమనే శబ్దం వస్తే దూరంగా జరిగి 101కు ఫోన్ చేసి, అది విద్యుత్ కారని తప్పక చెప్పాలి. మంట ఆరాక కూడా గంటల తర్వాత మళ్లీ అంటుకోవచ్చు గనుక ఆ బండిని అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి తేవడం ఆత్మహత్యా సదృశం.

ఈ నాలుగు మాటలు చెప్పేవారే లేరు. ప్రభుత్వం రోడ్డు పన్ను మాఫీ చేసి చేతులు దులుపుకుంది. షోరూమ్ కుర్రవాడు నాకు బ్లూటూత్‌లో పాటలు కలపడం అరగంట నేర్పాడు, తాబేలు ఊసే ఎత్తలేదు. యజమాని పుస్తకం ఇంగ్లీషులో ఉంది. బండి నడిపే మా డ్రైవర్‌కు ఇంగ్లీషు రాదు. ఇక సర్వీస్ సెంటర్ బిల్లులో "ఫిర్యాదు: దీపం వెలుగుతోంది. పరిష్కారం: దీపం ఆరింది" అని రాసి ఇచ్చారు.

మీరైనా అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో సవరణ వేయగలరు.

– ఒక పాఠకుడు, ఎల్బీ నగర్, హైదరాబాద్