చివరి నెల జీతంలో వారపు సెలవులు ఏమైపోతున్నాయి?

సంపాదకులకు నమస్కారం.

నెల మధ్యలో ఉద్యోగం మానేసినవారి ఆఖరి జీతం లెక్కలో ఒక తప్పు నగరంలోని షోరూంలలో, చిన్న కంపెనీలలో మళ్లీ మళ్లీ నా కంట పడుతోంది. జీతాల లెక్కలు చూడటమే నా వృత్తి కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను. కొత్త ఉద్యోగంలో చేరే హడావిడిలో ఉన్నవారు రెండు మూడు వేల కోసం ఎవరితో గొడవ పడతామని ఊరుకుంటారు. అందుకే ఈ తప్పు సాగిపోతోంది.

అమీర్‌పేటలోని ఒక బట్టల షోరూంలో పనిచేసిన మా పక్కింటి అమ్మాయి ఈ మధ్య తన సెటిల్‌మెంట్ కాగితం తెచ్చి చూపించింది. ఆమె నెల జీతం 31,000 రూపాయలు. ఆదివారం షోరూంకు గిరాకీ ఉండే రోజు కాబట్టి ఆమెకు వారపు సెలవు మంగళవారం. మంగళవారంతోనే మొదలైన 31 రోజుల నెలలో 16వ తేదీన ఆమెను రిలీవ్ చేశారు. 1, 8, 15 తేదీలు సెలవులు, మిగిలిన 13 రోజులూ పనికి వెళ్లింది. యజమాని 31,000ను 31తో భాగించి, రోజుకు వెయ్యి చొప్పున 13,000 చేతిలో పెట్టారు. వేలిముద్ర యంత్రంలో పడిన హాజరు అంతే కదా అన్నారు.

తప్పు సరిగ్గా ఇక్కడే ఉంది. నెలను 31 రోజులుగా భాగించినప్పుడు వారపు సెలవులను కూడా జీతం వచ్చే రోజుల్లో కలిపినట్లే. అలాంటప్పుడు పైన కూడా ఆమె ఉద్యోగంలో ఉన్న 16 రోజులూ పెట్టాలి. అంటే 16,000 రావాలి. పైన పనిచేసిన రోజులే పెడతామంటే కింద కూడా ఆ నెల పనిరోజులే, అంటే 26 పెట్టాలి. అప్పుడు 31,000ను 26తో భాగించి 13తో హెచ్చిస్తే 15,500 వస్తుంది. గ్రాట్యుటీ లెక్కలో నెలకు 26 రోజులు తీసుకోవడం కూడా ఈ పద్ధతిలోదే. ఈ రెండింటిలో ఏదైనా సమ్మతమే. పైన ఒక పద్ధతి, కింద మరో పద్ధతి పెట్టడం మాత్రం ఏ విధంగానూ కుదరదు. 16 రోజులను 26తో భాగించమని ఉద్యోగి అడిగినా అదీ తప్పే, అప్పుడు యజమాని నష్టపోతాడు.

అనుమానం ఉంటే అంతకుముందు నెల పే స్లిప్ తీసి చూడండి. ఆ నెలలోనూ ఈ అమ్మాయి మంగళవారాలు పనికి వెళ్లలేదు, అయినా జీతం పూర్తిగా వచ్చింది. స్లిప్‌లో జీతం చెల్లించిన రోజులు అన్నచోట నెలలోని మొత్తం రోజుల సంఖ్య ఉంది. మానేసిన నెలకు వాడిన లెక్కే నిజమైతే, ఐదు మంగళవారాలున్న 31 రోజుల నెలంతా పనిచేసినవారికి కూడా 26,000 మించి రాకూడదు. అలా ఏ నెలా ఇవ్వలేదు కదా!

సరైన పద్ధతులు రెండింటి మధ్య కూడా కొంత తేడా వస్తుంది. ఈ అమ్మాయి 14వ తేదీనే మానేసి ఉంటే మొదటి పద్ధతిలో 14,000, రెండో పద్ధతిలో సుమారు 14,308 వచ్చేవి. సెలవులు ఎటు ఎక్కువగా పడ్డాయన్న దాన్నిబట్టి లాభం ఒకసారి ఇటు, ఒకసారి అటు ఉంటుంది. కాబట్టి ఏ పద్ధతో నియామక పత్రంలోనే రాసి ఉండాలి. మనిషి వెళ్లిపోయాక తక్కువ వచ్చేది చూసి ఎంచుకోవడం అన్యాయం.

రిలీవింగ్ తేదీ దగ్గర కూడా జాగ్రత్త అవసరం. నోటీసు గడువు వారపు సెలవు రోజున ముగిస్తే ఆ రోజు కూడా ఉద్యోగంలో ఉన్నట్లే, దానికీ జీతం రావాలి. చాలాచోట్ల ముందు రోజునే ఆఖరి పనిదినంగా రాసి పంపేస్తున్నారు. అయితే ఉద్యోగే కోరి ముందు రోజు తేదీ వేయించుకుంటే ఆ తర్వాతి సెలవుకు జీతం అడగలేరు.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినవారికి కూడా రెండు పనిదినాల్లోగా వేతనం చెల్లించాలి. గడువు ఇంత తక్కువైనప్పుడు లెక్క మొదటిసారే సరిగా ఉండాలి. నెలను ఎన్ని రోజులుగా భాగించారు, ఉద్యోగంలో ఉన్న రోజులెన్ని, వాటిలో వారపు సెలవులెన్ని అన్న మూడు అంకెలు ప్రతి సెటిల్‌మెంట్ కాగితం మీద విడివిడిగా ఉండాలని రాష్ట్ర కార్మిక శాఖ ఆదేశించాలి. దుకాణాల తనిఖీకి వెళ్లే అధికారులు హాజరు పట్టీతో పాటు ఇటీవల మానేసినవారి కాగితాలు కూడా అడిగి చూడాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్