కేస్‌షీట్‌లో ‘డీఎన్ఆర్’ అని రాసి వదిలేస్తే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

రోగి ఇక కోలుకోడని తేలాక, గుండె ఆగితే ఛాతీ నొక్కడం, షాకివ్వడం, గొంతులో గొట్టం వేయడం వద్దని డాక్టరూ కుటుంబమూ కూర్చుని నిర్ణయించుకోవడం నెల్లూరు, ఒంగోలు ఆసుపత్రుల్లో ఇప్పుడు వింతేమీ కాదు. దాన్నే డీఎన్ఆర్ అంటున్నారు. ఆ మాటలన్నీ పగటిపూట, పెద్ద డాక్టరు ఉన్నప్పుడు జరుగుతాయి. గుండె మాత్రం ఏ తెల్లవారుజామునో ఆగుతుంది. ఆ సమయానికి మంచం దగ్గర ఉండేది పగలు జరిగింది తెలియని డ్యూటీ డాక్టరు, ఆ రాత్రే వార్డుకు వచ్చిన నర్సు. వాళ్లకు దిక్కు కేస్‌షీట్. అందులో ఏం రాస్తున్నారన్న దాని గురించే ఈ ఉత్తరం. నేను నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని. ఈమధ్య మా మేనమామ కోసం అటెండరుగా కూడా ఆసుపత్రిలో కూర్చున్నాను.

మావయ్యకు 76 ఏళ్లు, ఊరు ఆత్మకూరు దగ్గర. ఊపిరితిత్తుల క్యాన్సర్ కాలేయానికీ ఎముకలకూ పాకింది. ఒంట్లో శక్తి లేదని కీమో ముందే ఆపేశారు. నిమోనియా వస్తే నెల్లూరులో ఒక ఆసుపత్రి ఐసీయూలో చేర్చాం. రెండో రోజుకి మగతలోకి వెళ్లాడు. డాక్టరు మంచివాడు, మమ్మల్ని కూర్చోబెట్టి తొందరపడకుండా అన్నీ చెప్పాడు. అత్తయ్య, పెద్ద బావ, మావయ్య తమ్ముడు, నేను అక్కడ ఉన్నాం. చెన్నై నుంచి వదిన ఫోన్ స్పీకర్లో విన్నది. కువైట్‌లో ఉన్న చిన్న బావకి ఫోన్ కలవలేదు. గుండె ఆగితే సీపీఆర్ వద్దనే దానికి అందరం ఒప్పుకున్నాం.

తర్వాత నేను కేస్‌షీట్ చూస్తే అందులో ఉన్నది ఇంతే: ‘అటెండర్లకు పరిస్థితి వివరించాం. ప్రోగ్నోసిస్ పూర్. డీఎన్ఆర్.’ కింద పేరు లేని ఒక డాక్టరు సంతకం, మావయ్య అల్లుడి సంతకం. మేం మాట్లాడుకునేటప్పుడు ఆ అల్లుడు మందుల షాపు దగ్గర ఉన్నాడు. తిరిగొచ్చేసరికి కౌంటర్ దగ్గర కనిపించాడని కాగితం ఆయన చేతికే ఇచ్చారు.

ఈ రాత వల్ల వచ్చిన మొదటి ఇబ్బంది ఆ రాత్రే కనబడింది. మావయ్యకు గొంతులో కఫం చేరి గురగురమంటోంది, ఊపిరి అందక అవస్థ పడుతున్నాడు. నర్సు ఫోన్ చేస్తే అవతలినుంచి ‘డీఎన్ఆర్ కేసే కదా’ అన్న జవాబు వచ్చింది. డీఎన్ఆర్ అంటే గుండె ఆగాక చేసే పని ఒక్కటే వద్దని. గుండె కొట్టుకుంటున్నంతసేపు కఫం తీయాలి, ఆక్సిజన్ పెట్టాలి, ఆయాసానికి మార్ఫిన్ ఇవ్వాలి, యాంటీబయాటిక్ టైముకు పడాలి. నేను ఈ వృత్తిలో ఉన్నదాన్ని కాబట్టి నిలబడి అడిగి చేయించుకున్నాను. పక్క మంచం వాళ్లు ఏం అడగగలరు?

రెండోది ఇంకా ఘోరం. కాస్త బీపీ నిలబడ్డాక మావయ్యను ఐసీయూ నుంచి రూముకు మార్చారు. అక్కడ కొత్త ఆర్డర్ షీట్ తెరిచారు. ఐసీయూలో రాసిన ఆ ఒక్క మాట అందులోకి ఎక్కలేదు. తెల్లవారుజామున గుండె ఆగింది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు వెంటనే సీపీఆర్ మొదలుపెట్టాడు. అతన్ని నేను ఒక్క మాట కూడా అనను. రాత లేనప్పుడు మొదలుపెట్టడమే సరైన పని. కానీ సీపీఆర్ అంటే నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు ఛాతీని నొక్కడం. మామూలు మనిషికే పక్కటెముకలు విరుగుతాయి. ఎముకల్లో క్యాన్సర్ ఉన్న మనిషికి ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పెద్ద బావ పరిగెత్తుకొచ్చి ‘ఆపండయ్యా’ అని అరిచేదాకా సాగింది.

మూడో ఇబ్బంది ఇంట్లో వచ్చింది. చిన్న బావ కువైట్ నుంచి దిగగానే అన్నను అడిగిన మొదటి మాట: ‘ఎవర్ని అడిగి నిర్ణయం చేశారు?’ పెద్ద బావ దగ్గర చూపించడానికి ఏమీ లేదు. ఉన్న కాగితం మీద ఉన్నది ఆ మాటల్లో లేని అల్లుడి సంతకం.

మరి ఆ రోజు ఎలా రాసి ఉండాల్సింది? నా చేతికి పెన్ను ఇస్తే ఇలా రాసేదాన్ని.

‘ఫలానా తేదీ, మధ్యాహ్నం 12:30. రోగి భార్య, పెద్ద కొడుకు, తమ్ముడు, మేనకోడలితో మాట్లాడాం. కూతురు ఫోన్లో పాల్గొన్నది. చిన్న కొడుకు అందలేదు; అన్న ఈ సాయంత్రం చెబుతానన్నాడు, అతను కోరితే మేమూ మాట్లాడతాం. ఆసుపత్రి తరఫున ఐసీయూ డాక్టరు, డ్యూటీ నర్సు ఉన్నారు. రోగి పిలిస్తే కళ్లు తెరుస్తున్నాడు గానీ అడిగినది అర్థం చేసుకుని జవాబు చెప్పే స్థితిలో లేడు, అందువల్ల ఆయన్ను అడగలేకపోయాం. గత ఏడాది వెంటిలేటర్ మీద ఉండి బయటపడ్డాక, మళ్లీ పెట్టొద్దని ఆయన అన్నట్టు భార్య, కూతురు చెప్పారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ కాలేయానికి, ఎముకలకు పాకింది. క్యాన్సర్‌కు ఇక చికిత్స లేదు. ఇప్పుడు నిమోనియా, సెప్సిస్. ఈ స్థితిలో గుండె ఆగితే అది జబ్బు చివరికి రావడం వల్లే. సీపీఆర్‌తో తిరిగి కొట్టుకున్నా మూల కారణం అలాగే ఉంటుంది, కోలుకుని ఇంటికి వెళ్లే అవకాశం లేదని మా అభిప్రాయం. సీపీఆర్‌లో ఏం చేస్తారో వివరించాం. ఛాతీ నొక్కడం, షాకు, గొట్టం వేయడం చేయకూడదని నిర్ణయం. పాల్గొన్నవారిలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. యాంటీబయాటిక్, ఆక్సిజన్, బీపీ మందు, సెలైన్, కఫం తీయడం, నొప్పికీ ఆయాసానికీ మార్ఫిన్ కొనసాగుతాయి. రేపు ఉదయం రౌండ్స్‌లో, వార్డు మారేటప్పుడు, కుటుంబం అడిగినప్పుడు మళ్లీ చూస్తాం.’ కింద డాక్టరు పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, టైము, అక్కడున్న వాళ్ల సంతకాలు.

ఇది రాయడానికి అయిదు పది నిమిషాలు పడుతుంది. దీని నుంచి నిర్ణయం ఒక్క వాక్యంగా ఆర్డర్ షీట్ మొదటి పేజీకి, నర్సుల హ్యాండోవర్ పుస్తకానికి ఎక్కాలి. పేషెంటు ఎక్కడికి మారితే అక్కడి డాక్టరు చదివి మళ్లీ సంతకం చేయాలి. మావయ్య విషయంలో తెగిన లింకు సరిగ్గా అదే.

ఇందులో అన్నిటికన్నా జాగ్రత్తగా రాయాల్సింది కారణం. ‘వయసు పైబడింది’ అన్నది కారణం కాదు. 80 ఏళ్ల మనిషికి కూడా మందు పడక, పొటాషియం పెరిగి గుండె ఆగితే, అది సరిచేస్తే బతికే వీలుంది. ‘అటెండర్లు వద్దన్నారు’ అన్నదీ కారణం కాదు. చాలాచోట్ల డాక్టర్లు కొడుకును పక్కకు పిలిచి ‘సీపీఆర్ చేయమంటారా, వద్దంటారా’ అని అడుగుతారు. అలా అడిగితే ఆ కొడుకు జన్మంతా తండ్రిని తనే వదిలేసినట్టు అనుకుంటాడు. సీపీఆర్ వల్ల ఉపయోగం ఉందా లేదా చెప్పాల్సింది డాక్టరు. కుటుంబాన్ని అడగాల్సింది ఒకటే, ‘ఆయనకు తెలివి ఉంటే ఏమనేవాడు?’ అని. మా అత్తయ్య దానికి వెంటనే జవాబు చెప్పింది: ‘ఈ తూరి నన్ను ఆ మిషన్‌కి కట్టెయ్యబాకండి అన్నాడు.’ ఆ మాట ఆయన నోటిదే అన్నట్టు కాగితం మీదకు రావాలి. ఇక డబ్బు. ఐసీయూ ఖర్చు భరించలేక వెనక్కి తగ్గే కుటుంబాలున్నాయి, అది నిజం. ఆ సంగతి ఉంటే దాన్ని ఖర్చు సమస్యగానే రాసి ప్రభుత్వాసుపత్రికి మార్చే దారి చూడాలి తప్ప డీఎన్ఆర్ పేరు కింద కప్పకూడదు.

రోగి తెలివిలో ఉంటే సంగతి వేరు. అప్పుడు ఆయన్నే అడగాలి. మన ఇళ్లల్లో ‘ఆయనకు మాత్రం చెప్పబాకండి’ అని బయటే డాక్టర్ని ఆపేస్తారు. ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ రోగిని అడిగారా, అడగకపోతే ఎందుకు అడగలేదో నోట్‌లో ఉండాల్సిందే. మగతలో ఉన్నాడు కాబట్టి అడగలేదనడానికీ, కొడుకులు వద్దన్నారు కాబట్టి అడగలేదనడానికీ చాలా తేడా ఉంది. ఒప్పుకోని బంధువు ఉంటే ఆ పేరు, ఆయన అన్నదీ కూడా రాయాలి. దాచిపెట్టిన అభ్యంతరమే తర్వాత ఆసుపత్రి అద్దాల మీద పడుతుంది.

డాక్టర్లు ఇంత వివరంగా రాయకపోవడానికి బద్ధకం కన్నా భయం ఎక్కువ కారణమని నా నమ్మకం. రాస్తే పోలీసు కేసు అవుతుందని భయం. దాంతో కొందరు నోటితో చెప్పి వదిలేస్తారు. కొందరు గుండె ఆగాక పేరుకు నాలుగు నొక్కులు నొక్కి ‘సీపీఆర్ చేశాం, ఫలితం లేదు’ అని రాస్తారు. మరికొందరు ‘డాక్టరు వద్దన్నా మేమే తీసుకెళ్తున్నాం’ అనే లామా కాగితం మీద సంతకం పెట్టించి, ఆక్సిజన్ కూడా లేకుండా ఇంటికి పంపేస్తారు. వీటిలో ఏదీ డాక్టరుకు రక్షణ కాదు.

ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతున్నాయి. అప్పటికే పెట్టిన వెంటిలేటర్ తీసేయడం వంటివాటికి సుప్రీంకోర్టు 2018 మార్చి 9న ఒక పద్ధతి చెప్పి, 2023 జనవరిలో దాన్ని సులువు చేసింది: ఆసుపత్రిలో ముగ్గురు డాక్టర్ల బోర్డు, దాన్ని సరిచూసే రెండో బోర్డు, మేజిస్ట్రేటుకు సమాచారం. గుండె ఆగితే సీపీఆర్ చేయకపోవడం గురించి భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, 2020లో విడిగా మార్గదర్శకాలు, నమూనా ఫారం ఇచ్చింది. చికిత్స చేస్తున్న డాక్టరు రోగితో గానీ, రోగి చెప్పలేని స్థితిలో ఉంటే కుటుంబంతో గానీ మాట్లాడి రాతలో పెట్టాలన్నదీ, మిగతా చికిత్స ఆగకూడదన్నదీ అందులో ఉన్నాయి.

కుటుంబాలు కూడా ఒక పని చేయాలి. మాట్లాడుకున్న రోజే ‘మీరు రాసింది ఒకసారి చదివి వినిపించండి’ అని అడగాలి, ఫోన్లో ఫొటో తీసుకుని బయట ఉన్నవాళ్లకు పంపాలి. రికార్డు కావాలని రాసిస్తే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల నిబంధనల్లో 2002 నుంచి ఉంది.

మన రెండు జిల్లాల వైద్యాధికారులకు నా విన్నపం ఇది. ఆ ఐసీఎంఆర్ ఫారాన్ని తెలుగులో ఒక్క పేజీకి కుదించి, ఐసీయూ ఉన్న ప్రతి ఆసుపత్రికీ పంపండి. పాల్గొన్నవారు, రానివారు, కారణం, ఆగేది, ఆగనివి, మళ్లీ చూసే సమయం, వీటికి గడులు పెట్టండి. వార్డు మారినప్పుడు చేయాల్సిన సంతకానికి విడిగా ఒక గడి ఉంచండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ నర్సు,
కావలి, నెల్లూరు జిల్లా