డీసీ ఇస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుందా? అది సగం జవాబే

సంపాదకుడు గారికి నమస్కారం.

డిప్లొమా, డిగ్రీ ఎలక్ట్రికల్ అభ్యర్థుల కోసం మీరు వేస్తున్న 'కోర్ ఇంటర్వ్యూ ప్రశ్నలు, జవాబులు' మొదటి భాగం చూసి పది రోజులైంది. అదే రోజు రాయాల్సింది. ఎవరో ఒకరు తప్పు చూపిస్తారులే, దిద్దుతారులే అని ఆగాను. మొన్న రెండో భాగం వచ్చింది, సవరణ మాత్రం రాలేదు. అందుకే ఈ ఉత్తరం.

నాలుగో ప్రశ్న 'ట్రాన్స్‌ఫార్మర్‌కి డీసీ సప్లై ఇస్తే ఏమవుతుంది?' అని వేసి, 'డీసీలో మ్యూచువల్ ఇండక్షన్ ఉండదు కనుక ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది' అని ఒక్క వాక్యంలో జవాబు ఇచ్చారు. నేను ఇరవై ఆరేళ్లు మెయింటెనెన్స్‌లో పనిచేశాను. ఇంటర్వ్యూ బోర్డుల్లో చాలాసార్లు కూర్చున్నాను. ఈ వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా వందల మంది పిల్లల నోట విన్నాను. ఒక్కసారి ఆలోచించండి. మ్యూచువల్ ఇండక్షన్ లేకపోతే సెకండరీలో వోల్టేజి రాదు, అంతవరకు నిజం. కానీ సెకండరీలో వోల్టేజి రాకపోతే ప్రైమరీ ఎందుకు కాలాలి? మీరు చెప్పిన కారణానికీ, దాని ఫలితానికీ మధ్య మెట్టు లేదు.

ఆ మెట్టు పేరు బ్యాక్ ఈఎంఎఫ్. లెక్క వేసి చెబుతాను. 230 వోల్టుల నుంచి 12 వోల్టులకు దించే 24 వీఏ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ తీసుకుందాం. దాని ప్రైమరీ నిండు లోడులో తీసుకునే కరెంటు సుమారు 0.1 ఆంపియర్. మల్టీమీటర్ పెట్టి కొలిస్తే ప్రైమరీ రెసిస్టెన్స్ 100 ఓమ్‌లు వచ్చిందనుకోండి. 230ని 100తో భాగిస్తే 2.3 ఆంపియర్లు రావాలి. మరి ఏసీలో అంత కరెంటు ఎందుకు పోవడం లేదు? ఎందుకంటే కోర్‌లో ఫ్లక్స్ క్షణక్షణం మారుతూ, అదే ప్రైమరీ వైండింగ్‌లో సప్లైకి ఎదురుగా దాదాపు అంతే వోల్టేజి పుట్టిస్తుంది. 230కి ఎదురుగా ఇంచుమించు 230 నిలబడితే, రెసిస్టెన్స్ మీద పడేది కొద్ది వోల్టులే.

ఇప్పుడు 230 వోల్టుల డీసీ ఇవ్వండి. స్విచ్ వేసిన క్షణంలో ఫ్లక్స్ పెరుగుతుంది కాబట్టి బ్యాక్ ఈఎంఎఫ్ అప్పుడూ ఉంటుంది. ఏసీలో ప్రతి అర సైకిలుకీ, అంటే 50 హెర్ట్జ్‌లో 10 మిల్లీసెకన్లకోసారి, వోల్టేజి దిశ తిరుగుతుంది కాబట్టి ఫ్లక్స్ హద్దులో ఉంటుంది. డీసీలో తిరగదు. ఫ్లక్స్ ఒకే వైపు పెరుగుతూ పోయి కొన్ని మిల్లీసెకన్లలోనే కోర్ నిండిపోతుంది, అంటే శాచురేషన్. అక్కడి నుంచి కరెంటును ఆపేది ఆ 100 ఓమ్‌లే. 2.3 ఆంపియర్లకు వేడి 2.3 × 2.3 × 100, అంటే సుమారు 530 వాట్లు. మామూలు నిండు లోడులో అదే వైండింగ్‌లో పుట్టే వేడి ఒక్క వాటే. ఫ్యూజ్ పోకపోతే కాలేది ఇందువల్ల.

అదే ట్రాన్స్‌ఫార్మర్‌కి 12 వోల్టుల డీసీ ఇస్తే? 0.12 ఆంపియర్, ఒకటిన్నర వాట్. కాస్త వెచ్చబడుతుందేమో గాని, కాలదు. కాబట్టి 'ఎన్ని వోల్టుల డీసీ?' అని అడగకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కుదరదు.

నాకు కడుపు మండేది ఇక్కడే. కొన్నాళ్ల క్రితం ఒక ఇంటర్వ్యూ బోర్డులో బయటి సభ్యుడిగా ఉన్నాను. డిగ్రీ చదివిన ఒక అమ్మాయిని ఇదే ప్రశ్న అడిగితే, 'ఎన్ని వోల్టులండీ? వైండింగ్ రెసిస్టెన్స్ ఎంతండీ?' అని ఎదురు అడిగింది. ఆ రోజు మేం విన్న జవాబుల్లో అదే ఉత్తమమైనది. పక్కనున్న అధికారి చేతిలో కీ కాగితం ఉంది, అందులో 'కాలిపోతుంది' అని ఉంది. ఆ అమ్మాయికి ఆ ప్రశ్నకు సున్నా వేశారు. నేను అభ్యంతరం చెబితే 'కీ ప్రకారమే పోవాలండీ' అన్నారు. కీ తయారుచేసిన వాళ్లు వైండింగ్‌కి ఒక్కసారైనా మీటర్ పెట్టి చూశారా? ప్రాక్టికల్స్ రికార్డులు సీనియర్లవి చూసి ఎక్కించుకోవడం, ల్యాబ్‌లో మీటర్లు పనిచేయకపోయినా రీడింగులు రాసుకోవడం ఏళ్లుగా నడుస్తోంది. ఆ చదువే బోర్డు దాకా వచ్చి, ఆలోచించి మాట్లాడిన పిల్లకి సున్నా వేసింది. మీ పత్రికలో వచ్చిన జవాబు రేపు ఇంకో కీ కాగితంలోకి ఎక్కుతుంది, నా భయం అదే.

ఇంకో మాట. ట్రాన్స్‌ఫార్మర్‌లోకి డీసీ పంపడం మేం నిత్యం చేసే పని. వైండింగ్ రెసిస్టెన్స్ కొలిచేది డీసీ పంపే. పోలారిటీ చూడడానికి చిన్న సెల్ చాలు. పైన చెప్పిన ట్రాన్స్‌ఫార్మర్‌లో 12 వోల్టుల వైపు ఒకటిన్నర వోల్టు సెల్ తగిలించి, 230 వైపు ముల్లు మీటర్‌ని పెద్ద రేంజిలో పెట్టండి. సెల్ తగిలించగానే ముల్లు ఒక వైపు కొట్టుకుని సున్నాకి వస్తుంది, తీయగానే రెండో వైపు ఇంకా గట్టిగా కొట్టుకుంటుంది. ఫ్లక్స్ మారుతున్నంతసేపే వోల్టేజి, మారడం ఆగితే లేదు. ఈ ఒక్క టెస్టు చూసిన విద్యార్థికి 'డీసీలో ఇండక్షన్ ఉండదు' అనే మాట ఎంతవరకు నిజమో తెలిసిపోతుంది. అయితే 230 వైపు తీగలు చేత్తో పట్టుకోకూడదు. సెల్ తీసేటప్పుడు ఫ్లక్స్ ఒక్కసారిగా పడిపోయి షాక్ కొట్టేంత వోల్టేజి వస్తుంది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ల రెసిస్టెన్స్ టెస్టులో అందుకే వైండింగ్ డిశ్చార్జ్ అయ్యేదాకా లీడు ఊడదీయం. ఈ హెచ్చరిక మీ జవాబులో ఉంటే ఒక కుర్రాడి చెయ్యి కాపాడేది.

రెండో భాగంలో మోటర్ల మీద 'డీసీ మోటర్‌కి స్టార్టర్ ఎందుకు?' అన్న ప్రశ్నకు మాత్రం సరైన జవాబే ఇచ్చారు, మొదట్లో బ్యాక్ ఈఎంఎఫ్ ఉండదు కాబట్టి అని. 220 వోల్టుల మోటర్, ఆర్మేచర్ 0.5 ఓమ్ అయితే ఆగి ఉన్నప్పుడు 440 ఆంపియర్లు లాగుతుంది. తిరుగుతూ 20 ఆంపియర్లు తీసుకుంటుంటే బ్యాక్ ఈఎంఎఫ్ 210 వోల్టులు ఉన్నట్టు. కొద్ది రోజుల తేడాతో అచ్చయిన ఈ రెండు ప్రశ్నల వెనక ఉన్నది ఒకటే విషయం. మోటర్‌లో ఆర్మేచర్ తిరగడం వల్ల, ట్రాన్స్‌ఫార్మర్‌లో ఫ్లక్స్ మారడం వల్ల ఎదురు వోల్టేజి పుడుతుంది. మోటర్ జామ్ అయినా, ట్రాన్స్‌ఫార్మర్‌కి సరిపడని డీసీ ఇచ్చినా ఆ ఎదురు వోల్టేజి పోయి, మిగిలేది ఉత్త రాగి తీగ. సర్క్యూట్ల పాఠంలో 'స్టెడీ స్టేట్ డీసీలో ఇండక్టర్ షార్ట్ సర్క్యూట్' అని బట్టీ పట్టించేదీ ఇదే. మీ శీర్షికలో మూడూ మూడు గదుల్లో పెట్టినట్టు వేరువేరుగా ఉన్నాయి. పిల్లలు మూడుసార్లు బట్టీ పడతారు, 'ఎందుకు?' అని ఒక్క ప్రశ్న అడగ్గానే టెన్షన్‌తో బిగుసుకుపోతారు. ఆ మొహాలు నేను ఎదురుగా కూర్చుని చూశాను.

కాబట్టి మూడో భాగం వేసే ముందు నాలుగో ప్రశ్న జవాబును సరిదిద్ది, మొదటి పేజీలో కాకపోయినా అదే శీర్షిక పైన, కనిపించే అక్షరాల్లో వేయండి. తప్పు జవాబు కత్తిరించి నోట్సులో అతికించుకున్న పిల్లలకి అది చేరాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఎలక్ట్రికల్ ఇంజనీర్