మా గేటు గార్డుకు మీరు బాకీపడ్డ ఓటీ, పీఎఫ్ గురించి మీకు రాస్తున్న ఆఖరి ఉత్తరం

సెక్యూరిటీ ఏజెన్సీ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

ఆరేళ్లుగా మా ఆసుపత్రికి గార్డులను మీరే పంపుతున్నారు. ఒక్క నెల కూడా మీ బిల్లు మేం ఆపలేదు. ఆ నమ్మకంతోనే ఇన్నాళ్లూ ఓపిక పట్టాం.

మా మెయిన్ గేటు దగ్గర రాత్రి డ్యూటీ చేసే గార్డు, భార్య ఆపరేషన్‌కు పీఎఫ్ అడ్వాన్సు తీసుకుందామని ఫోన్లో పాస్‌బుక్ తెరిచాడు. మీ దగ్గర చేరి 14 నెలలైంది. మొదటి 5 నెలలకు జీతం 13,000 అని కాక 6,500 అని ఉంది. తర్వాతి 9 నెలలకు అసలు ఒక్క ఎంట్రీ కూడా లేదు. పే స్లిప్పుల్లో మాత్రం ప్రతి నెలా 12 శాతం, అంటే 1,560 రూపాయలు కోసేశారు.

అప్పటి నుంచి అతను మీ ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. రాత్రంతా నిలబడి, పొద్దున డ్యూటీ దిగి, నిద్ర మానుకుని వచ్చిన మనిషికి మీ ఫీల్డ్ ఆఫీసర్ "సర్వర్ డౌన్, వారం ఆగు" అన్నాడు. వారం తర్వాత వెళ్తే హెచ్‌ఆర్ అమ్మాయి "నీ కేవైసీ కాలేదు" అంది. అదే పీఎఫ్ నంబరు, యూఏఎన్‌లో మొదటి 5 నెలలు డబ్బు పడింది కదా, ఆధార్ లింకు కాకపోతే ఎలా పడింది? మూడోసారి అకౌంట్స్‌కు పంపారు. "మా పని కాదు, ఫీల్డ్ ఆఫీసర్‌ని అడుగు" అని అక్కడివాళ్లు మళ్లీ మొదటికే తోశారు. నాలుగోసారి ఫీల్డ్ ఆఫీసర్ "ఎక్కువ మాట్లాడితే పోస్టు మారుస్తాం" అన్నాడట. డబ్బు కన్నా ఆ మాటే మాకు ఎక్కువ కోపం తెప్పించింది. మేం మూడు మెయిళ్లు పెట్టాం. ఒక్కదానికీ జవాబు లేదు.

ఇక లెక్కకు వద్దాం. మీ బిల్లులో ప్రతి గార్డుకూ పీఎఫ్ పేరుతో 13 శాతం, నాలుగు గంటల ఓటీ విడిగా వసూలు చేస్తున్నారు. బిల్లుతో మీరు జతచేసే చలానాలో మీ ఏజెన్సీ మొత్తం కట్టిన డబ్బే ఉంటుంది, ఎవరి పేరున ఎంత పడిందో ఉండదు. అది మీరు నెలనెలా పీఎఫ్ ఆఫీసుకు దాఖలు చేసే ఈసీఆర్‌లో ఉంటుంది. దాన్ని మీరు ఎప్పుడూ పంపలేదు, మేం అడగకపోవడం మా తప్పే. ఇప్పుడు పట్టుబట్టి తెప్పిస్తే, ఆ మొదటి 5 నెలలూ నెలకు 13 రోజులు ఎన్‌సీపీ, అంటే డ్యూటీకి హాజరుకాని రోజులని చూపించారు. మా గేటు రిజిస్టర్‌లో అవే నెలల్లో 26 రోజులు "రాత్రి 8 – ఉదయం 8" అని అతని చేతిరాత, పక్కన మీ సూపర్‌వైజర్ సంతకం ఉన్నాయి.

అతని వాటా, మీ వాటా కలిపి నెలకు 3,120 రూపాయలు కట్టాలి. అసలు కట్టని 9 నెలలకు 28,080, సగమే కట్టిన 5 నెలలకు 7,800. ఓటీ సంగతి ఇంకా సులువు. ఎనిమిది గంటలు దాటిన పనికి రెట్టింపు ఇవ్వాలి, నాలుగు గంటలకు రెట్టింపంటే మరో ఎనిమిది గంటల కూలి. అంటే నెలకు ఇంకో 13,000. "డ్యూటీ అలవెన్స్" అని మీరిచ్చింది 3,000. నెలకు 10,000 చొప్పున 14 నెలలకు 1,40,000 బాకీ.

ఇందులో పింఛను పోయేది కూడా ఉంది. మీ దగ్గర చేరేనాటికి అతనికి 52 ఏళ్లు, అప్పటికి నాలుగేళ్ల సర్వీసు ఉంది. 58 దాకా ఏ నెలా పోకుండా చేస్తేనే పింఛనుకు కావాల్సిన పదేళ్లు నిండుతాయి. మీరు కట్టని 9 నెలలు ఆ లెక్కలోంచి పోతే అతనికి నెలవారీ పింఛనే రాదు. అందుకే డబ్బు చేతికిచ్చి సర్దుబాటు చేస్తామంటే కుదరదు. ఆ నెలల ఈసీఆర్‌లు సరిదిద్ది, వడ్డీతో సహా అతని యూఏఎన్‌లోనే జమచేయాలి.

కాంట్రాక్టర్ కట్టకపోతే ఆ భారం ప్రధాన యజమానిగా మా మీద పడుతుంది. అందుకే మీ తాజా బిల్లు ఆపేశాం. వచ్చే నెల 15 లోగా సరిచేసిన ఈసీఆర్, ఓటీ చెల్లించిన బ్యాంకు రుజువు మా టేబుల్ మీద లేకపోతే, అతని చేత పీఎఫ్ ఫిర్యాదుల పోర్టల్ EPFiGMSలో ఫిర్యాదు పెట్టిస్తాం, రిజిస్టర్ నకళ్లు మేమే జతచేస్తాం. కార్మిక శాఖకూ వెళ్తాం. ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం, 2005 కింద మీకు లైసెన్స్ ఇచ్చిన అధికారికీ రాస్తాం. కార్మిక చట్టాల ఉల్లంఘన లైసెన్స్ రద్దుకు కారణమవుతుందని మీకు తెలియనిది కాదు.

ఈలోగా అతని పోస్టు మారిస్తే మీ కాంట్రాక్టు అదే రోజు రద్దవుతుంది. ఈసారి జవాబు మీ సంతకంతో రావాలి, ఫీల్డ్ ఆఫీసర్ ఫోన్ కాల్‌తో కాదు.

ఇట్లు,
పరిపాలనాధికారి

జతచేసినవి: 14 నెలల గేటు రిజిస్టర్ నకళ్లు, పే స్లిప్పులు, పాస్‌బుక్ ప్రింటు, మీ బిల్లులు.