మే నెల కరెంటు బిల్లు గురించి

చిట్టి తల్లికి,

నువ్వు పంపిన బిల్లు ఫోటో చూశాను. ఈ నెల వాడకానికి 1,450 రూపాయలు పడితే, కట్టాల్సింది 642 అని ఎందుకొచ్చిందని అడిగావు. మిషన్ తప్పేమో, తర్వాత ఒకేసారి లాగుతారేమో అని భయపడుతున్నావు. అలాంటిదేమీ లేదమ్మా, లెక్క సరిగ్గానే ఉంది.

మార్చి బిల్లు 725 గడువు దాటాక కట్టావు కదా. అదీ మీటర్ రీడర్ వచ్చిన రోజు పొద్దునే. ఆ డబ్బు ఇంకా అతని మిషన్‌లోకి ఎక్కలేదు. అందుకే ఏప్రిల్ బిల్లులో 1,275కి పాత బాకీ 725 కలిపి 2,000 చూపించింది. నువ్వు బిల్లు మీద ఉన్న మొత్తం చూసి అంతా కట్టేశావు. అలా 725 రెండుసార్లు కట్టినట్టయింది. ఆ డబ్బు ఎక్కడికీ పోలేదు, నీ సర్వీసు నంబరు మీద అడ్వాన్సుగా నిలిచి ఈ నెల మైనస్ గుర్తుతో తగ్గింది. ఇంకోసారి కట్టేసిన బాకీ మళ్లీ బిల్లులో కనిపిస్తే, ముందు రసీదు తీసి తేదీ చూసుకో.

ఆలస్యానికి వేసిన సర్‌ఛార్జి 25 రూపాయలు మాత్రం తిరిగి రాదు. గడువు తేదీ దాటింది నిజమే కదా.

ఇక 108 రూపాయలు తగ్గిన సంగతి. అది మన డిపాజిట్ మీద వడ్డీ. కనెక్షన్‌కి కట్టించుకున్న డిపాజిట్‌కి కనీసం బ్యాంకు రేటు చొప్పున వడ్డీ ఇవ్వాలని 2003 విద్యుత్ చట్టం 47వ సెక్షన్‌లోనే ఉంది. చేతికి ఇవ్వరు, ఏడాదికోసారి మే నెల ప్రాంతంలో బిల్లులో తగ్గిస్తారు. మన డిపాజిట్ 1,600, ఈ బిల్లులో వేసిన రేటు 6.75 శాతం, కాబట్టి 108. అంటే 1,450కి 25 కలిపి, 725, 108 తీసేస్తే 642.

ఏ ఏడాదైనా ఆ వడ్డీ వరస కనిపించకపోతే ఊరుకోకు. ఒక్కోసారి డిపాజిట్ కట్టిన సంగతి కంప్యూటర్‌లో ఎక్కి ఉండదు. అక్కడ సున్నా ఉంటే వడ్డీ కూడా సున్నాయే. డిపాజిట్ రసీదు జిరాక్సు పట్టుకెళ్లి రెవెన్యూ ఆఫీసులో కాగితం ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకో.

ఇంకొకటి, ఈసారి ఏసీడీ అని అదనపు డిపాజిట్ అడగొచ్చు. ఏడాది బిల్లుల సగటు తీసి, రెండు నెలలకు సరిపడా డిపాజిట్ ఉందా అని చూస్తారు. నీ సగటు నెలకు 1,200 అనుకుంటే 2,400 ఉండాలి, ఉన్నది 1,600. తేడా 800. అది ఖర్చు కాదు, డిపాజిట్‌లో చేరి వచ్చే ఏడాది వడ్డీ తెస్తుంది. ఇల్లు ఎవరికైనా అద్దెకిస్తే మాత్రం ఆ 800 వాళ్ల చేత కట్టించకు, డిపాజిట్ నీ పేరు మీదే కదా ఉండేది.

బిల్లు కాగితం మీద అచ్చు కొన్నాళ్లకి వెలిసిపోతుంది. బీరువాలో దాచినా అంతే. ఈ మే బిల్లు ఫోటో ఫోన్‌లో విడిగా పెట్టుకో.

మీ నాన్న